పాల బాటిల్ ఎంత మరిగించినా పులుపు వాసన పోవట్లా, ఏం చేయాలి?

కందుకూరు కోడలు:
మా పాపకి ఎనిమిదో నెల, డబ్బా పాలు తాగుద్ది. తాగిన వెంటనే బాటిల్లో సలసల కాగే నీళ్లు పోసి ఊపి, సబ్బుతో తోమి, తర్వాత గిన్నెలో మరిగిస్తా ఉండా. అయినా మూత బిగించి రాత్రి పెడితే పొద్దున తీసేసరికి పుల్లటి వాసన, లోపల తెల్లగా పొరలాగా కూడా ఉండాది. మాది బోరు నీళ్లు. సిప్పర్ అయితే ఇంకా ఘోరం.

పొదిలి మామ్మ:
అసలు ఆ బాటిళ్లు ఎందుకమ్మా, మా రోజుల్లో ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్లం, కడిగితే చేత్తో అందుద్ది, వాసనా లేదు ఏమీ లేదు.

కావలి నాన్న:
మామ్మా ఆమె అడిగింది కడగడం గురించి. అక్కా, ఇంకాసేపు మరిగించు, అరగంట పెట్టు, ఏ వాసనైనా పోవాల్సిందే. మేము గుప్పెడు బియ్యం, సబ్బు నీళ్లు పోసి గట్టిగా ఊపుతాం, బ్రష్ అందని మూలల్లో కూడా రాలిపోద్ది.

ఒంగోలు సిస్టర్ (పిల్లల వార్డులో చేస్తా):
బియ్యం ఐడియా పర్లేదు, గింజ ఒక్కటి కూడా లోపల మిగలకుండా చూసుకోవాలి అంతే. మరిగించడం దగ్గరే తేడా వచ్చింది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ అంటుకున్న పాల పొర ఊడదు. పాలల్లో మాంసకృత్తులు ఉంటాయి కదా, కాగే నీళ్లు తగలగానే అవి గట్టిపడి గోడకి పట్టేస్తాయి, కోడిగుడ్డు పెనం మీద పడ్డట్టు. అందుకని తాగిన వెంటనే ముందు చన్నీళ్లతో రెండుసార్లు తొలిచెయ్యి, ఆ తర్వాతే వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, బ్రష్. జిడ్డు పోవాలంటే వేడి కావాలి, కానీ రెండో వంతులో. సబ్బు బార్ వద్దు, దాంట్లో పొడి మూత మరల్లో ఇరుక్కుంటది. అన్నీ శుభ్రంగా తోమాక విడదీసి, నీళ్లు కాగడం మొదలయ్యాక 5 నిమిషాలు మరిగిస్తే చాలు.

ఇంకోటి, నీ తెల్ల పొర పాలదో నీళ్లదో ముందు చూసుకో. బాటిల్ బాగా ఆరాక వేలు పెట్టి రుద్దు. జారుతా జిడ్డుగా ఉంటే పాలది. గరుగ్గా సున్నంలా ఉంటే బోరు నీళ్లది, దాన్ని సబ్బు ఏమీ చెయ్యలేదు, పులుపే కావాలి.

గూడూరు:
పులుపంటే మా ఊళ్లో కొరతా, నిమ్మకాయలు బస్తాల లెక్కన. రసం వడకట్టి నీళ్లల్లో కలిపి పోసి ఓ అరగంట ఉంచి బ్రష్ పెడితే ఊడొచ్చింది. తొక్క మాత్రం వెయ్యబాకండి, దాని నూనె వాసన నిపుల్‌కి పట్టేస్తది.

ఒంగోలు సిస్టర్:
కరెక్టు. తెల్ల వెనిగర్ ఉంటే దానికి సమానంగా నీళ్లు కలిపి పోసినా అంతే. తర్వాత బాగా కడిగి మరిగించాలి. ఆ మరిగించే నీళ్లు కూడా ఫిల్టర్‌వి పెట్టు, లేకపోతే ఊడదీసిన సున్నం మళ్లీ వచ్చి కూర్చుంటది. ఆరబెట్టేటప్పుడు గుడ్డతో తుడవొద్దు, స్టాండు మీద బోర్లించు, పూర్తిగా ఆరకుండా మూత బిగించొద్దు. నీకు పొద్దున వాసన రావడానికి అదో కారణం.

కందుకూరు కోడలు:
రుద్ది చూశానక్కా. బాటిల్ అడుగున గరుకు, మెడ దగ్గర మాత్రం జిడ్డు, రెండూ ఉండాయి! నిమ్మరసం పోస్తే అడుగు తేటగా వచ్చేసింది. చన్నీళ్లతో ముందు తొలవడం నిన్నటి నుంచి మొదలు పెట్టా, మెడ దగ్గర కూడా తగ్గింది. నిపుల్ మాత్రం ఇంకా వాసన.

ఒంగోలు సిస్టర్:
నిపుల్‌ని లోపలిది బయటికి తిప్పి వేళ్లతో లిక్విడ్ రాసి రుద్దు, అంచు పక్కన గాలి పోయే చిన్న కన్నం ఉంటది, దాంట్లో కూడా పాలు గడ్డ కడతాయి, నలిపి నీళ్లు దూరేట్టు చెయ్యి. గ్లాసు గోరువెచ్చని నీళ్లల్లో స్పూను వంటసోడా వేసి కొన్ని గంటలు నానబెడితే వాసన లాగుద్ది. అప్పటికీ పోకపోయినా, జిగటగా సాగినా, చీలినా పారెయ్యడమే. లేత గోధుమ రంగు రబ్బరు నిపుల్ అయితే వేడికి ఇంకా తొందరగా పాడవుద్ది.

కావలి నాన్న:
అయితే అరగంట మరిగించడం వేస్టేనా? మా ఆవిడకి చెప్పబాకండి.

కందుకూరు కోడలు:
సిప్పర్ మూత ఊడదీస్తే లోపల చిన్న రబ్బరు బిళ్ల ఉంది, దాని కింద పెరుగులా గడ్డ, నల్ల చుక్కలు కూడా.

ఒంగోలు సిస్టర్:
అది వాల్వ్. నల్ల చుక్కలంటే బూజు, సందేహం లేకుండా పారెయ్. ఇక నుంచి ప్రతిసారీ దాన్ని ఊడదీసే కడగాలి.

గూడూరు:
మా దగ్గర షాపులో వాల్వ్ ఒక్కటే అడిగితే సిప్పర్ మొత్తం కొనుక్కోమన్నాడు. నెల్లూరులో గానీ ఒంగోల్లో గానీ విడిగా యాడన్నా దొరుకుద్దా?

పొదిలి మామ్మ:
స్టీలు గ్లాసుతో తాగడం నేర్పమ్మా, వాల్వూ గీల్వూ ఏమీ ఉండదు.

ఒంగోలు సిస్టర్:
ఈసారి మామ్మతో నేను వాదించను 😄 వాల్వ్ సంగతి మాత్రం నాక్కూడా తెలీదు, ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.