జంఖానా అమ్మాలంటే మర్యాదగా రాయాలా, జోకులేయాలా?

కొత్తవాడ కోడలు: మా అత్తగారింట్లో నేసిన 4 x 6 అడుగుల నూలు జంఖానాలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. నేను పద్ధతిగా వివరాలు రాశాను. మా మరిదేమో "గవర్నమెంటు నోటీసులా ఉంది వదినా, జోకులు పెట్టు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

హన్మకొండ కుర్రోడు: మీ మరిది మాటే కరెక్ట్ అక్కా. పొడి పొడిగా రాస్తే ఎవరు చదువుతారు? "సోఫా కొనేదాకా ఇదే సోఫా, కొన్నాక కూడా కూర్చునేది దీని మీదే" అని పెట్టి చూడండి. లైకులే లైకులు.

కాజీపేట మామ: ఇంగ్లీషులో పెట్టమ్మా. తెలుగులో పెడితే హైదరాబాద్ వాళ్లు కొనరు.

కొత్తవాడ కోడలు: భాష గురించి కాదు మామయ్యా, ఏ తీరుగా రాయాలన్నదే నా డౌట్.

ఇరవై ఏళ్ల షాపు: తమ్ముడు రాసిన సోఫా మాట బాగుంది. కాకపోతే లైకు కొట్టినవాళ్లలో జంఖానా కొనేవాళ్లు ఎందరన్నది వేరే లెక్క. ముందు ఒకటి చూసుకోండి: ఆ సైజుకి డబ్బు కట్టేదెవరు, దాని మీద కూర్చునేదెవరు? 4 x 6 ని ఎక్కువగా ఇళ్లకే కొంటారు. చాలాసార్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు ఇక్కడి అమ్మ కోసం ఆర్డర్ పెడుతుంది. రాత ఆ కూతురితో మాట్లాడాలి, అమ్మకు ఏం పనికొస్తుందో చెప్పాలి. నేనైతే ఇలా మొదలుపెడతాను: "ముగ్గురు పక్కపక్కన కూర్చుని భోంచేయొచ్చు. దులిపి మడతపెడితే బీరువా పైన ఇట్టే సర్దుకుంటుంది. మొదటిసారి మాత్రం చల్లటి నీళ్లలో విడిగా ఉతకండి." ఇందులో జోకు లేదు, నోటీసూ లేదు. ఇంట్లోవాళ్లతో చెప్పినట్టుంది.

అదే జంఖానాను ఫంక్షన్ హాలుకో హోటల్‌కో అమ్మాలంటే ఈ రాత పనికిరాదు. వాళ్లకు "నూలు, 4 x 6 అడుగులు, చేనేత కాబట్టి కొలతలో అంగుళం అటూ ఇటూ, ఎక్కువ ఆర్డర్‌కు ముందుగా శాంపిల్, జీఎస్టీ బిల్లు, తయారీకి పట్టే రోజులు" అని వరుసగా ఉండాలి. అక్కడ చదివే మనిషి దాన్ని ఇంకొకరి టేబుల్ మీద పెట్టి సంతకం చేయించుకోవాలి. సోఫా జోకుతో ఆయన ఏం చేసుకుంటాడు?

ఇక సరదా రాత గదిలో అద్దెకుండే కుర్రాళ్లకు, బహుమతులు వెతికేవాళ్లకు నప్పుతుంది. అయినా ఆ సరదా మొదటి రెండు వాక్యాల్లోనే ఆగిపోవాలి. సైజు, ఉతకడం, రంగు పోతుందా, వాపసు సంగతేంటి, వీటి దగ్గర నవ్వించొద్దు. సైజు రాసి పెట్టినా "సైజు ఎంత?" అని మెసేజ్‌లు వస్తున్నాయంటే మీ జోకు దాన్ని కప్పేసిందన్నమాట. వాపసు వచ్చి "ఇంత చిన్నదనుకోలేదు" అన్నా అదే జబ్బు.

పెంబర్తి ఇత్తడి: మాది ఇత్తడి సామాను. ఒక పెద్ద ఆఫీసు నుంచి మెమెంటోల కోసం అడిగితే "అన్నా, మన దగ్గర ఏది కావాలన్నా ఉంటది" అని జవాబిచ్చాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. రేటు చెప్పనందుకో, అన్నా అన్నందుకో ఇప్పటికీ తెలియదు.

ఇరవై ఏళ్ల షాపు: రేటు చెప్పకుండా "అన్నా" అంటే అనుమానం వస్తుంది. రేటు, రోజులు రాసి పక్కన "అన్నా" అని ఉంటే పెద్దగా పట్టించుకోరు.

హన్మకొండ కుర్రోడు: సరే, మరి వరంగల్ దర్రీలకు, అంటే మన జంఖానాలకే, 2018లో ఈ ప్రాంతపు సరుకని జీఐ గుర్తింపు వచ్చింది కదా, దాన్ని పైన పెద్దగా పెట్టొచ్చుగా? ఎవరికైనా పనికొస్తుంది.

ఇరవై ఏళ్ల షాపు: అందరికీ కాదు తమ్ముడూ. బల్క్ కొనేవాళ్లు దాన్ని చూస్తారు, మీకు అధీకృత వినియోగదారుగా రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడుగుతారు. లేకుండా ఆ గుర్తు వేయకూడదు. ఉంటే ఇంటి కొనుగోలుదారులకు చివర్లో ఒక లైను చాలు. అమ్మకు కావాల్సింది ముందు మెత్తగా ఉందా, రంగు నిలుస్తుందా అన్నదే.

కొత్తవాడ కోడలు: మా జంఖానాలు రెండు రకాల వాళ్లూ కొంటారు. ఒకే ఫోటోలతో రెండు లిస్టింగులు పెట్టాలా?

ఇరవై ఏళ్ల షాపు: చాలా సైట్లలో ఒకే సరుకును రెండుసార్లు పెట్టనివ్వరు, ముందు ఆ రూల్స్ చూసుకోండి. ఇంటివాళ్ల రాతనే సైట్‌లో పెట్టి, బల్క్ వాళ్లకు వాట్సాప్‌లో పంపడానికి ఒక పీడీఎఫ్ సిద్ధంగా ఉంచుకోండి.

హన్మకొండ కుర్రోడు: పీడీఎఫ్ ఎవరు తెరుస్తారన్నా? సోఫా లైన్ ఒక్కటైనా పెట్టండక్కా, మా రూమ్‌లో నలుగురం కొంటాం.

కొత్తవాడ కోడలు: మా మరిదికి చూపిస్తా ఆగు. ముందు డబ్బు కడతావా, లైకు కొడతావా?