కొత్త స్ట్రిప్ రెండు రోజులు ఆలస్యం, పైగా యాంటీబయోటిక్: భయపడాల్సింది దేనికి?

సిరిమల్లె: గర్భం రాకుండా నేను మాలా-ఎన్ మాత్రలు వాడతాను. పాత స్ట్రిప్‌లో చివరి ఐరన్ మాత్ర శనివారం అయిపోయింది. ఆదివారం రాత్రి కొత్తది మొదలుపెట్టాలి. పెళ్లికి ఊరెళ్తూ స్ట్రిప్ ఇంట్లోనే మరిచిపోయాను. మంగళవారం రాత్రి ఇంటికొచ్చాక మొదటి మాత్ర వేసుకున్నాను. బుధవారం పన్ను తీయించుకుంటే డెంటిస్టు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ 5 రోజులకు రాశారు. యాంటీబయోటిక్ వాడితే గర్భనిరోధక మాత్ర పనిచేయదని మందుల షాపులో అన్నారు. ఇది నిజమేనా? ఈరోజు గురువారం. సోమవారం రాత్రి మేమిద్దరం కలిశాం, కండోమ్ వాడలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

మందులషాపు: షాపులో చెప్పింది నిజమేనమ్మా, మేమూ అదే చెబుతాం. మాత్రలోని ఈస్ట్రోజన్ కొంత లివర్‌లో రూపం మారి, పిత్తంతో పాటు పేగులోకి వస్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని విడగొడితే మళ్లీ రక్తంలోకి వెళ్తుంది. యాంటీబయోటిక్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తే తిరిగి వెళ్లే ఈస్ట్రోజన్ తగ్గుతుంది. కాబట్టి కోర్సు 5 రోజులు, ఆ తర్వాత ఇంకో వారం కండోమ్ వాడండి. సోమవారం గురించి మాత్రం దిగులు వద్దు. అప్పటికి మీరు యాంటీబయోటిక్ మొదలే పెట్టలేదు కదా.

గోదారి అమ్మాయి: ఐరన్ మాత్రలు మరిచిపోతే ఏమీ కాదు అక్కా. నేను చాలా నెలలు అవి వేసుకోను, నాకు మలబద్ధకం. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం, 4 ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేదు.

డాక్టరమ్మ: సిరిమల్లె గారూ, ముందు మీ సోమవారం సంగతి చూద్దాం, అందులో సమయం ముఖ్యం. పైన ఒకరు యాంటీబయోటిక్ వైపు చూసి సోమవారానికి భయం లేదన్నారు. నా అభిప్రాయం సరిగ్గా దీనికి తలకిందులు. మీకు ప్రమాదం ఏమైనా ఉంటే అది సోమవారంలోనే ఉంది, అమాక్సిసిలిన్‌లో కాదు.

మాత్ర చేసే ప్రధానమైన పని అండం విడుదల కాకుండా ఆపడం. ఐరన్ మాత్రలు వేసుకునే 7 రోజులూ ఒంట్లోకి హార్మోన్ వెళ్లదు. ఆ వారంలో అండాశయం మెల్లగా మేలుకుంటుంది. స్కాన్ చేస్తే కొందరిలో ఆ వారం చివరికి అండం ఉన్న సంచి 10 మిల్లీమీటర్లు దాటి పెరిగి కనిపిస్తుంది. ఎనిమిదో రోజు హార్మోన్ మాత్ర పడితే అది అక్కడితో అణగిపోతుంది. అందుకే 7 రోజుల విరామం హద్దు. మీకు ఆదివారం, సోమవారం కూడా మాత్ర పడలేదు, విరామం 9 రోజులైంది. మధ్యలో ఎక్కడో రెండు మాత్రలు మరిచిపోయినదానికన్నా స్ట్రిప్ మొదట్లో ఆలస్యమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది అసలే పొడవున్న విరామాన్ని ఇంకా సాగదీస్తుంది.

గోదారి అమ్మాయి చెప్పింది ఐరన్ మాత్రల వరకు సరైనదే. వాటిలో హార్మోన్ లేదు, మానేసినా పర్వాలేదు. కానీ సిరిమల్లె గారు మరిచిపోయినవి అవి కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మాత్రలు రోజూ ఒకటి చొప్పున కొనసాగించండి. ఆదివారం, సోమవారం మిగిలిపోయినవాటిని కలిపి మింగొద్దు, ఈ స్ట్రిప్ రెండు రోజులు ఆలస్యంగా ముగుస్తుంది, అంతే. మంగళవారం నుంచి లెక్కపెట్టి వరుసగా 7 మాత్రలు పడేవరకు, అంటే వచ్చే సోమవారం రాత్రి మాత్ర దాకా, కండోమ్ వాడండి లేదా దూరంగా ఉండండి. ఇక గడిచిపోయిన ఆ సోమవారం రాత్రి. వీర్యకణాలు లోపల 5 రోజుల వరకు బతకగలవు కాబట్టి అత్యవసర మాత్ర గురించి ఆలోచించాలి. 72 గంటల మాత్ర అని అందరూ అంటారే, 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రల్, అది. ఈ రాత్రికి మీకు 72 గంటలు నిండుతాయి. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. వేసుకున్నాక మీ మామూలు మాత్ర ఆపకూడదు. దీనికన్నా గట్టిది 5 రోజుల్లోపు పెట్టించుకునే కాపర్-టి, పిల్లలు వద్దనుకుంటే అది కూడా మాట్లాడండి.

లెక్కలమాస్టారు: డాక్టరమ్మ గారూ, ఒక్క మాట. నా భార్య కోసం నేను ఇవన్నీ చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ హ్యాండ్‌బుక్‌లో కొత్త స్ట్రిప్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే గర్భం వచ్చే అవకాశం దాదాపు లేదని, 3 రోజులు, అంతకన్నా ఎక్కువ ఆలస్యమైతేనే కండోమ్ అని ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ మాత్రం 48 గంటలు నిండితే చాలు, 7 రోజుల కండోమ్ అంటుంది. ఈమెది సరిగ్గా ఆ రెండింటి మధ్య గీత మీద పడింది. మరి అత్యవసర మాత్ర వేయించి ఆమెను అనవసరంగా భయపెడుతున్నామేమో?

డాక్టరమ్మ: మీరు చదివింది నిజమే మాస్టారూ, ఈ గీత ఎక్కడ గీయాలో అందరూ ఒక్క మాట మీద లేరు. రెండో రోజుకే అందరికీ అండం విడుదలవుతుందని నేను అనడం లేదు, చాలామందికి కాదు. కానీ ఎవరికి అవుతుందో బయటి నుంచి చెప్పలేం. పైగా ఇది 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర. ఇంకా తక్కువ మోతాదువి వాడేవాళ్లకు జాగ్రత్త మరింత అవసరం. ఒక్క మాత్రకు ఒక నెల టెన్షన్ తప్పుతుందంటే నేను వేసుకోమనే అంటాను. ఆవిడ వద్దనుకుని, 3 వారాల తర్వాత టెస్ట్ చేసుకుంటానంటే దాన్ని నేను తప్పని అనను.

మందులషాపు: సోమవారం విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. కానీ యాంటీబయోటిక్‌ను అంత తేలిగ్గా వదిలేయకండి. 2020లో బ్రిటన్ పరిశోధకులు అక్కడి మందుల దుష్ప్రభావాల ఫిర్యాదులు వేల సంఖ్యలో తీసి చూశారు. యాంటీబయోటిక్ వాడినవాళ్ల ఫిర్యాదుల్లో అనుకోని గర్భాలు మిగతా మందులకన్నా ఎక్కువగా కనిపించాయని రాశారు. అది అబద్ధమా?

డాక్టరమ్మ: అబద్ధం కాదు, కానీ అది ఏం చెప్పగలదో చూడాలి. అవి తమంతట తాము పంపిన ఫిర్యాదులు. యాంటీబయోటిక్‌తో మాత్ర పనిచేయదని ముందే విన్నవాళ్లు, గర్భం వస్తే దాన్నే కారణంగా రాసి పంపడం సహజం. జ్వరంతో పడుకున్న మనిషి మాత్ర మరిచిపోయి ఉండొచ్చు, వాంతి అయి ఉండొచ్చు, అదంతా ఫిర్యాదులో ఉండదు. ఆడవాళ్ల రక్తంలో హార్మోన్ స్థాయి కొలిచి చూసిన అధ్యయనాల్లో మామూలు యాంటీబయోటిక్‌ల వల్ల అది చెప్పుకోదగినంత తగ్గినట్టు కనిపించలేదు. పేగు బ్యాక్టీరియా దారి ఉన్న మాట నిజమే. కానీ రక్తంలో ఉండే హార్మోన్‌లో ఎక్కువ భాగం ఆ దారి మీద ఆధారపడదు, అందుకే కొలిచినప్పుడు తేడా పడలేదు. 2011లో బ్రిటన్ కుటుంబ నియంత్రణ నిపుణులు పాత సలహాను ఎత్తేశారు, అదనపు జాగ్రత్త అక్కర్లేదన్నారు. ఎవరో ఒకరికి ఒంటి తీరు వల్ల తేడా పడే అవకాశం పూర్తిగా లేదని మాత్రం నేను రాసివ్వలేను, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నన్ను కలవరపెట్టేది వేరే. నిందంతా యాంటీబయోటిక్ మీద వేస్తే, కోర్సు మధ్యలో ఆపేసేవాళ్లు ఉంటారు. కోర్సు లేదు కదా అని స్ట్రిప్ ఆలస్యాన్ని పట్టించుకోనివాళ్లు ఉంటారు. మీరు సోమవారానికి భయం లేదన్నది అలాగే వచ్చింది. అయితే అమాక్సిసిలిన్‌తో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం లెక్క మారుతుంది. మాత్ర వేసిన 3 గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. గట్టి విరేచనాలు రెండు రోజులకు మించి ఉంటే ఆ రోజులను మాత్ర మరిచిపోయిన రోజులుగా లెక్కపెట్టాలి.

నాగమల్లి: అయితే ఏ యాంటీబయోటిక్ అయినా భయం లేదంటారా? నాకు జరిగింది చెబుతాను. నాకు టీబీ వచ్చింది, 6 నెలల కోర్సు. ఆశా అక్క ఇచ్చిన మాత్రలు ఒక్కరోజు కూడా తప్పలేదు. మూడో నెలలో స్ట్రిప్ మధ్యలోనే చుక్కలు చుక్కలుగా రక్తం కనబడింది. వేడి చేసిందనుకున్నాను. ఐదో నెలలో గర్భం అని తెలిసింది. మందులు ఇచ్చిన చోట ఒక్కరు కూడా, నువ్వు గర్భం రాకుండా ఏం వాడుతున్నావని అడగలేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

డాక్టరమ్మ: నాగమల్లి గారూ, మీ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. మిమ్మల్ని అడగాల్సినవాళ్లు అడగలేదు. ఈ భయమంతా మొదలైంది కూడా మీలాంటి వాళ్ల దగ్గరే. 1971లో జర్మనీలో టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్న ఆడవాళ్లలో నెల మధ్యలో రక్తస్రావం కనబడితే, అప్పుడు డాక్టర్లు దీన్ని గమనించారు. రిఫాంపిసిన్ పేగు బ్యాక్టీరియా దారిలో పనిచేయదు. అది లివర్‌ను రెచ్చగొట్టి హార్మోన్‌ను వేగంగా కరిగించేస్తుంది. మీకు మధ్యలో కనబడిన చుక్కలు అందుకు గుర్తే.

మన దగ్గర టీబీ మందులన్నీ కలిపి ఒకే మాత్రగా వస్తాయి, కాబట్టి రిఫాంపిసిన్ పేరు చాలామందికి తెలియదు. మూత్రం నారింజ, ఎరుపు రంగులోకి మారిందంటే అది లోపలికి వెళ్తున్నట్టే. మందులు ఆపిన వెంటనే లివర్ మామూలు కాదు, ఇంకో 28 రోజులు ఆ ప్రభావం ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కూడా ఇలాంటివే. వీటితో రోజూ మాత్ర వేసుకుంటున్నా, రోజూ కండోమ్ తప్పదు. అన్నేళ్లు, అన్ని నెలలు కండోమ్ కుదరదంటే కాపర్-టి గానీ, 3 నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ గానీ మేలు, ఆ రెండింటినీ రిఫాంపిసిన్ దెబ్బతీయదు. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు అత్యవసర మాత్ర కూడా సరిగా పనిచేయదు, కాపర్-టి వైపే చూడాలి.

మందులషాపు: రిఫాంపిసిన్‌ను ఒకటిగా, మిగతావాటిని ఒకటిగా ఇప్పటివరకు మేం విడదీయలేదు. ఇకమీదట టీబీ కార్డుతో వచ్చే ఆడవాళ్లను తప్పకుండా అడుగుతాను. అమాక్సిసిలిన్‌కి మాత్రం ఇంకా మనసు ఒప్పడం లేదు, కండోమ్ చెప్పడం మానను.

సిరిమల్లె: అత్యవసర మాత్ర ఇప్పుడే, ఎనిమిదింటికి వేసుకున్నాను. మాలా-ఎన్ కూడా ఇదే రాత్రి వేసుకోవచ్చా? కడుపులో తిప్పుతోంది.

డాక్టరమ్మ: వేసుకోండి, ఏమీ కాదు. అన్నం తిని పడుకునే ముందు వేసుకుంటే వికారం కాస్త తక్కువగా ఉంటుంది. పదకొండులోపు వాంతి అయితే అత్యవసర మాత్ర మళ్లీ వేసుకోవాలి, ఫోన్ దగ్గర పెట్టుకోండి. అత్యవసర మాత్ర వేసుకున్నా కండోమ్ వచ్చే సోమవారం దాకా వాడాల్సిందే. మీరిద్దరూ కలిసిన సోమవారం నుంచి సరిగ్గా 3 వారాలకు ఇంట్లో టెస్ట్ చేసుకోండి. అప్పటికి నెలసరిలా కొంచెం రక్తం కనబడినా టెస్ట్ మానకండి.