మేక గోడ మీదికి ఎగబాకుతుందా, ఎగురుతుందా, దూకుతుందా?

పదశోధిని
పిల్లల పత్రికకు మూడు ఫొటోల కింద ఒక్కో వాక్యం రాయాలి. మొదటి ఫొటోలో మేక నేల మీంచి లేచి ఛాతీ ఎత్తు గోడ మీద వాలుతోంది. రెండోదాంట్లో కారు బానెట్ మీంచి టాపు మీదికి పోతోంది. మూడోదాంట్లో రేకుల కప్పు మీంచి కిందికి వస్తోంది. నేను మూడింటికీ "ఎగబాకుతోంది" అని రాశాను. మొదటిదాన్ని "గోడ దూకుతోంది" అని దిద్దారు. నా చెవికి అది గోడ దాటి అవతల పడ్డట్టుంది. పదం సంగతే కాదు, మేక అసలు చేసే పని ఏమిటో తెలిసినవాళ్లు కూడా చెప్పండి. అది తేలితే క్రియ దానంతట అదే తేలుతుంది.

నిఘంటుప్రియ
మీ చెవి సరిగానే విన్నది. "గోడ దూకాడు" అంటే దాటాడనే. "గోడ మీదికి దూకాడు" అంటే పేచీ లేదు, ఆ "మీదికి" పోతే అర్థం మారిపోతుంది. ఇక "ఎగబాకు"లో ఉన్నది "పాకు". తీగ పాకుతుంది, బల్లి పాకుతుంది. రెండూ ఆనిన చోటును వదలకుండా, పట్టు మీద పట్టు వేస్తూ పోయేవే. మేకకు అలాంటి పట్టు ఉందా అన్నదే ప్రశ్న.

కొండదారి
ఎందుకు లేదు? మేక గిట్ట అడుగు గిన్నెలా లోపలికి గుంటగా ఉంటుంది. అడుగు వేయగానే అందులోని గాలి బయటికి పోయి గోడకు అతుక్కుంటుంది. ఇటలీలో చింజినో ఆనకట్ట మీద కొండమేకలు నిట్టనిలువు గోడకు అంటుకుని నిలబడ్డ ఫొటోలు అందరూ చూసే ఉంటారు. అక్కడ "ఎగబాకు" తప్ప ఇంకేం రాస్తాం?

గిట్టలగూడు
ఆనకట్ట నిజమే, అతుక్కోవడం నిజం కాదు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది, గాలి నిలవడానికి చోటే లేదు. ఒక్కో వేలి చుట్టూ గట్టి అంచు, దాని లోపల కాస్త మెత్తగా, గరుకుగా ఉండే అడుగుభాగం. గట్టి అంచు రాతి మొన మీద నిలబడుతుంది. మెత్తటి భాగం ఒత్తిడికి కొద్దిగా అణిగి రాతి గరుకులోకి కూర్చుంటుంది. రెండు వేళ్లూ వేరువేరుగా కదులుతాయి కాబట్టి ఒకటి పైన, ఒకటి కింద ఆనినా కాలు నిలుస్తుంది. ఇదంతా రాపిడి పని. రాపిడి పనిచేయాలంటే కింద ఎంతో కొంత మెట్టు ఉండి, దాని మీద బరువు పడాలి.

ఆ ఆనకట్ట సుమారు 50 మీటర్ల ఎత్తు, రాళ్లు పేర్చి కట్టినది. దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది కానీ ప్రతి రాయీ కొద్దికొద్దిగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. రాళ్ల మధ్య ఊరే ఉప్పులు నాకడానికి ఆ మేకలు ఎక్కుతాయి. నేరుగా పైకి పోవు, వాలుగా అటూ ఇటూ తిరుగుతూ పోతాయి. అదే గోడకు సిమెంటు పూసి నున్నగా చేస్తే ఒక్కటీ నిలవలేదు. బల్లికి ఆ ఇబ్బంది ఉండదు. అందుకే నా ఓటు "ఎక్కు"కు. మొరాకోలో ఆర్గాన్ చెట్ల మీద కాయల కోసం నిలబడే మేకలదీ ఇదే పద్ధతి. కొమ్మను పట్టుకోవు, కొమ్మ మీద కాలు మోపి ఎక్కుతాయి.

పదశోధిని
మరి మొదటి ఫొటోలో మెట్టు ఏదీ లేదు. గోడ ఒక్కటే.

గిట్టలగూడు
అది ఎక్కడం కాదు, ఎగరడం. మెల్లగా తిప్పిన వీడియోలో చూస్తే ముందు తల, మెడ పైకి లేస్తాయి. ముందుకాళ్లు నేలను ఒక్క తోపు తోసి ఒంటిని పైకి వంచుతాయి. ఆ సరికి వెనకకాళ్లు బాగా మడిచి పొట్ట కిందికి వచ్చి ఉంటాయి. అసలు బలం అక్కడిదే. అవి ఒక్కసారిగా నిటారుగా సాగుతాయి, మేక లేస్తుంది. గాలిలో ముందుకాళ్లు మోకాళ్ల దగ్గర మడుచుకుంటాయి. గోడ అంచు దాటగానే అవి చాచుకుని ముందు దిగుతాయి, వెనకవి వాటి పక్కకే వచ్చి చేరతాయి. నాలుగు గిట్టలూ జానెడు చోటులో ఇమిడిపోతాయి. మేకకు ఛాతీ సన్నం, కాళ్లు ఒకదానికొకటి దగ్గర. సన్నటి గోడ మీద నిలబడటానికి అదే సాయం.

లెక్క కూడా వేయవచ్చు. భుజం దగ్గర 70 సెంటీమీటర్లుండే మేక అనుకుందాం. నిలబడ్డప్పుడు దాని బరువుకు నడిబిందువు నేలకు సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 120 సెంటీమీటర్ల గోడ మీద కాళ్లు ముడిచి వాలాలంటే ఆ బిందువు సుమారు 140కి చేరాలి. అంటే 90 సెంటీమీటర్లు లేవాలి. దానికి నేల వదిలే వేగం సెకనుకు 4.2 మీటర్లు కావాలి. గోడ పక్కన 40 సెంటీమీటర్ల రాయి ఒకటి ఉందనుకోండి, లేవాల్సింది 50 మాత్రమే, వేగం 3.1 చాలు. పడే శ్రమ దాదాపు సగం అవుతుంది. కంచె సరిపోవడం లేదని ఎత్తు పెంచేవాళ్లు ముందు పక్కనున్న దిమ్మెను, తొట్టిని తీసి చూడాలి.

నిఘంటుప్రియ
ఆ వెనకకాళ్లు మడిచి లేవడానికి మనకు మంచి మాట ఉంది, "కుప్పించు". పోతన భాగవతంలో భీష్ముడి స్తుతి తెలిసిందే, "కుప్పించి యెగసిన కుండలంబుల కాంతి". కృష్ణుడు రథం మీంచి దూకే ఘట్టం. ఒంటిని కుప్పగా దగ్గరికి తీసుకుని ఎగయడం అన్నమాట. తర్వాతి పాదం "ఉఱికిన నోర్వక" అని మొదలవుతుంది. ఎగయడం పైకి, ఉరకడం కిందికి. ఒకే దూకుడులో రెండు దశలకు రెండు క్రియలు పెట్టాడు.

పాతపుటలు
"కుప్పించు"కు దూకు అనే అర్థం, కుప్పవేయు అనే అర్థం రెండూ ఉన్నాయి. కానీ మొదటిది రెండోదాన్నుంచే పుట్టిందని చెప్పడానికి ఆధారం ఏమిటి? "కుప్పిగంతు"లో కుప్పి కూడా కుప్పేనా? వినడానికి బాగుందని వ్యుత్పత్తి అయిపోదు. పద్యంలో "యెగసిన" కుండలాల కాంతికి సంబంధించినదేమో కూడా చూడాలి.

నిఘంటుప్రియ
కుండలాలు ఎగసింది ఆయన ఎగసినందువల్లే కదా. వ్యుత్పత్తి విషయంలో నా దగ్గర గట్టి ఆధారం లేదని ఒప్పుకుంటాను. భావం మాత్రం అదేనని నా నమ్మకం.

వాకిలి
పద్యాలు బాగున్నాయి గానీ నా సమస్య రెండో ఫొటోనే. పక్కింటి మేకలు రోజూ మా కారెక్కుతున్నాయి. బానెట్ మీద కన్నా అద్దం దగ్గర గీతలు ఎక్కువ. మేకలు రాకుండా ఏ కవరు కప్పాలి?

గిట్టలగూడు
అడిగింది క్రియ గురించే అయినా, మీ ప్రశ్నలో ఆ ఫొటోకు జవాబు ఉంది. కారు మేకకు రెండు మెట్లు. బానెట్ సుమారు మీటరు ఎత్తు, టాపు మీటరున్నర. మొదటిది ఎగరడం, రెండోది అర మీటరే కాబట్టి గెంతడం. మధ్యలో వాలుగా అద్దం ఉంది. అద్దం మీద మెత్తటి అడుగుకు గరుకు దొరకదు. కాలు జారితే గట్టి అంచు గీసుకుంటూ కిందికి వచ్చి అద్దం మొదట్లో ఆగుతుంది. మీ గీతలు అక్కడే ఉండటానికి కారణం అది. గిట్టలు పెరిగి అంచు లోపలికి మడిచిన మేక ఇంకా ఎక్కువ జారుతుంది, ఎందుకంటే మెత్తటి అడుగు నేలకు తగలదు. రాళ్లలో తిరిగే మేకకు గిట్ట దానంతట అరుగుతుంది. మెత్తటి నేల మీద పెరిగేదానికి రెండు నెలలకోసారైనా చూసి కత్తిరించాలి.

కవరు వల్ల లాభం లేదు. గుడ్డ కాలి కింద కదిలి మేక ఇంకా జారుతుంది, గుడ్డ కింది దుమ్ము రంగును అరగదీస్తుంది. మేకకూ కారుకూ మధ్య కంచె ఉండాలి. ఒక్కటి మాత్రం చేయవద్దని పక్కింటివాళ్లకు చెప్పండి. ఎక్కకుండా ఉండాలని గోడకో కారుకో దగ్గరగా తాడుతో కట్టేయకూడదు. కట్టిన మేక కూడా ఎగురుతుంది, అవతలివైపుకు జారితే తాడు మెడకు బిగుసుకుని వేలాడుతుంది. తాడు ఎంత చాచినా గోడకు అందనంత దూరంలో గుంజ ఉండాలి.

కొండదారి
అతుక్కోవడం లేదన్నది అర్థమైంది. కానీ గోడ మధ్యలో ఒకసారి కాళ్లు తాటించి ఇంకా పైకి పోయే మేకను చూశాను. మెట్టు లేకపోతే ఆ రెండో తోపు ఎక్కడిది?

గిట్టలగూడు
మంచి ప్రశ్న. అది పరుగులోంచి వస్తుంది. మేక గోడ వైపు వేగంగా వచ్చి కాళ్లు ఆనించినప్పుడు ఆ వేగమే గిట్టను గోడకు నొక్కుతుంది. నొక్కినంతసేపే రాపిడి ఉంటుంది, ఆ క్షణంలో కిందికి తన్నితే మేక పైకి పోతుంది. గోడ గరుకుగా ఉంటేనే ఇది సాగుతుంది. తన్నిన వెంటనే ఒళ్లు గోడకు దూరమవుతుంది కాబట్టి ఒక్క తోపే దక్కుతుంది, రెండోది రాదు. మూలలో అయితే ఒక గోడను తన్ని ఎదుటి గోడ మీద పడి, దాన్నీ తన్నవచ్చు. పరుగుకు చోటు లేని ఇరుకు సందులో ఇదే మేక ఎగరలేక నిలబడిపోతుంది.

పదశోధిని
మూడోది మిగిలింది. కప్పు మీంచి కిందికి.

గిట్టలగూడు
మేకకు కష్టమైనది అదే. ఎక్కేటప్పుడు బలం వెనకకాళ్లది, దిగేటప్పుడు దెబ్బంతా ముందుకాళ్లది. మనకు భుజాన్ని రొమ్ముకు కలిపే ఎముక ఉంటుంది, మేకకు లేదు. ముందుకాళ్లు ఒంటికి కండరాలతోనే వేలాడుతుంటాయి. నేల తగిలినప్పుడు ఛాతీ ఆ కండరాల మధ్య కిందికి దిగి దెబ్బను మింగుతుంది. అయినా కప్పు అంచున నిలబడి చాలాసేపు చూస్తుంది. కిందికి ఒక్కసారిగా రాకుండా మధ్యలో కాలు పెట్టే చోటు వెతుకుతుంది. గోడ, పిట్టగోడ, బండి, ఏదైనా సరే. దొరక్కపోతే అక్కడే అరుస్తూ ఉండిపోతుంది. అప్పుడు తరమకూడదు. బెదిరి దూకితే ముందుకాలు విరుగుతుంది, చూడి మేకకైతే ఇంకా ప్రమాదం. కింద ఒక బల్లో గడ్డిమోపో పెట్టి, దాణా చూపిస్తే అదే దిగుతుంది. సిమెంటు రేకుల కప్పయితే ఇంకో సంగతి. బరువంతా రెండు చిన్న గిట్టల మీద పడుతుంది, దూలాల నడుమ రేకు పగిలి కాలు లోపలికి దిగబడుతుంది. నడిచినప్పుడు ఆగిన రేకు వాలినప్పుడు పగలవచ్చు.

పాతపుటలు
అయితే ఇక్కడ "ఉరుకు" పెట్టవచ్చు. కాకపోతే తెలంగాణలో "ఉరుకు" అంటే పరుగెత్తడం. పిల్లలు మేక కప్పు మీద పరుగెత్తుతోందనుకుంటారు. అక్కడ దూకడానికి "దుంకు" అంటారు.

నిఘంటుప్రియ
"దూకు" అందరికీ తెలుసు, కిందికి అన్న భావం కూడా దానికి సహజం. మూడోదానికి "కప్పు మీంచి దూకుతోంది" చాలు. మొదటిదానికి "గోడ మీదికి ఎగురుతోంది".

గిట్టలగూడు
"ఎగురు" అంటే పిల్లలకు పిట్ట గుర్తొస్తుందేమో. నేనైతే "ఎగిరి గోడెక్కుతోంది" అంటాను. రెండు పనులూ వస్తాయి.

పదశోధిని
మొదటిదానికి అదే పంపుతున్నాను. రెండోదానికి "బానెట్ మీంచి టాపు మీదికి గెంతుతోంది". మూడోదాంట్లో మేక ఇంకా అంచు వదల్లేదు, ముందుకాళ్లు మాత్రం పక్క గోడకు చాచింది. దాన్ని "దూకుతోంది" అనాలా "దిగుతోంది" అనాలా?

వాకిలి
కాళ్లు గోడకు అందితే "దిగుతోంది".

పాతపుటలు
ఫొటో పెట్టండి. వెనకకాళ్లు మడిచి ఉన్నాయా, నిటారుగా ఉన్నాయా చూడకుండా చెప్పలేం.