రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయి, బీపీ మాత్ర మార్చాక ఎక్కువైంది

జగిత్యాల పోరడు
అమ్మకి 58 ఏళ్లు, బీడీలు చుడుతుంది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి పూర్తయ్యేదాకా లేవదు. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి రాత్రి రెండు, మూడు గంటలప్పుడు పిక్క పట్టేసి కేక పెడుతోంది. చెయ్యి పెట్టి చూస్తే కండ రాయిలా గడ్డకట్టి ఉంటుంది. రెండు మూడు నిమిషాలకు వదులుతుంది కానీ మర్నాడంతా కుంటుతుంది. సుగర్ లేదు. బీపీకి మాత్ర వేసుకుంటుంది, దాన్ని ఈ మధ్యనే మార్చారు. ఎవరికైనా ఇలా అయ్యిందా?

కరీంనగర్ శీను
పొటాషియం తగ్గితే ఇట్లనే అవుతుంది తమ్మీ. రోజూ రెండు అరటిపండ్లు, ఒక కొబ్బరి బొండం ఇవ్వు. నీళ్లు నాలుగు లీటర్లు తాగమను. మా బావకి దీంతోనే తగ్గింది.

మెట్‌పల్లి అక్క
నాకూ ఇదే బాధ. పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టు ఉంటుంది, ఆడిస్తేగానీ ఆగదు. లేచి నాలుగడుగులు వేస్తే నయం. డాక్టర్ రక్తం తక్కువుందని ఐరన్ రాశారు. మీ అమ్మకి కూడా రక్తం పరీక్ష చేయించండి.

హనుమకొండ మెడికల్
అక్కా, మీది వేరే. మీకు కాలు ఊరికే ఉండనివ్వదు, కదిపితే ఊరట. ఐరన్ తక్కువైతే అలా రావచ్చు. తమ్ముడు చెప్పేది కండ బిగుసుకుని గడ్డకట్టడం. రెండూ రాత్రే వస్తాయి కాబట్టి జనం కలిపేస్తుంటారు.

తమ్ముడూ, ఒక పని చెయ్యి. కొత్త మాత్ర స్ట్రిప్ వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో మందు పేర్లు ఏమున్నాయో ఇక్కడ రాయి. ముందున్న పెద్ద పేరు వద్దు. పాత మాత్రది కూడా.

జగిత్యాల పోరడు
పాతది: టెల్మిసార్టాన్ 40. కొత్తది: టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5. పేరు ఒకటే సార్, చివర హెచ్ అని ఒక్క అక్షరం ఎక్కువ. మేము పవర్ పెంచారనుకున్నాం.

హనుమకొండ మెడికల్
ఆ హెచ్ అంటేనే నీళ్ల మందు. మూత్రంలో ఉప్పునీ నీళ్లనీ బయటికి పంపి బీపీ తగ్గిస్తుంది, మంచి మందే. కానీ దాంతోపాటు సోడియం, పొటాషియం, మెగ్నీషియం కూడా కొంత పోతాయి. వయసు పైబడిన ఆడవాళ్లలో సోడియం పడిపోవడం కాస్త ఎక్కువ, అదీ మొదలుపెట్టిన మొదటి వారాల్లోనే. చివర సీటీ అని ఉంటే క్లోర్తాలిడోన్, అదీ ఇదే జాతి.

మరో మాట అడుగుతా. మాత్ర మార్చాక అమ్మ ఎక్కువసార్లు మూత్రానికి లేస్తోందా? దానికి భయపడి నీళ్లు మానేసిందా?

జగిత్యాల పోరడు
అవును సార్. మాటిమాటికి లేస్తే పని ఆగుతుందని మధ్యాహ్నం దాకా గుక్కెడు కూడా తాగదు. నిన్న శీనన్న చెప్పినట్టు బలవంతంగా సీసాల కొద్దీ తాగించాను. ఈ రోజు తల నొస్తుంది, కడుపులో తిప్పుతుంది అంటోంది.

హనుమకొండ మెడికల్
వెంటనే ఆపండి. శీను చెప్పింది మామూలు మనిషికి సగం కరెక్ట్. హెచ్ మాత్ర వేసుకునే వాళ్లకి సోడియం ముందే తగ్గి ఉంటే, ఉత్త నీళ్లు ఎక్కువ తాగిస్తే ఉన్నదీ పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం దానికి గుర్తు కావచ్చు. ఇవాళే డాక్టర్‌కి చూపించండి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చేయించమని అడగండి, మామూలు ల్యాబ్‌లో అదే రోజు రిపోర్ట్ ఇస్తారు. మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకుపోండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, బీపీ ఎగబాకితే అదో గొడవ.

కొబ్బరి బొండం, అరటిపండు సంగతి కూడా చెప్తా. టెల్మిసార్టాన్ పొటాషియంని ఒంట్లో నిలుపుతుంది. కిడ్నీ బాగుంటే పరవాలేదు. క్రియాటినిన్ ఎక్కువుంటే బొండాలు, పొటాషియం సిరప్ ప్రమాదం, గుండె లయ తప్పుతుంది. రిపోర్ట్ చూడకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

కరీంనగర్ శీను
మా బావకి బీపీ లేదు, ఎండలో మేస్త్రీ పని. అందుకే పని చేసిందేమో.

హుజూరాబాద్ డ్రైవర్
నాకు ఎడమ పిక్క మూడు రోజులుగా నొస్తుంది. గంటలకొద్దీ సీట్లోనే ఉంటా. రాత్రి పట్టేసి పోవడం కాదు, పొద్దంతా ఉంది. రోజూ నూనె పెట్టి గట్టిగా మర్దన చేయిస్తున్నా.

హనుమకొండ మెడికల్
అన్నా, రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో చూడు. ఎడమది లావుగా, వేడిగా ఉంటే మర్దన ఆపేసి ఇవాళే ఆస్పత్రికి వెళ్లు. అది సిరలో గడ్డ అయ్యుండొచ్చు, కాలికి డాప్లర్ చేస్తారు. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే 108కి ఫోన్ చెయ్యి. పట్టేసే పిక్క నిమిషాల్లో వదులుతుంది, మూడు రోజులు కూర్చోదు.

కొత్తవాడ నేత
నేను మగ్గం మీద జంపఖానాలు నేస్తా. ఇదంతా మందుల మీదే తోస్తున్నారు. నాకు ఏ మాత్రా లేదు, అయినా సాయంత్రం దాకా కూర్చున్న రోజు రాత్రి పిక్క పట్టేస్తుంది. మెగ్నీషియం గోలీలు రెండు నెలలు వాడా, తేడా లేదు. పడుకునే ముందు గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెడతా. మడమ నేలకి అంటి ఉండాలి, ఆ మోకాలు వంగకూడదు. పిక్క లాగుతున్నట్టు అనిపించేదాకా ముందుకి వంగి పది లెక్కపెట్టి, కాస్త ఆగి, ఒక్కో కాలికి మూడుసార్లు. మడమ లేస్తే దండగ, కండ సాగదు.

హనుమకొండ మెడికల్
మీ మాటకి అడ్డు లేదు. కూర్చున్నంతసేపు పిక్క కండ పొట్టిగా ముడుచుకుని ఉంటుంది, పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఇంకా ముడుచుకుంటుంది. అందుకే నిద్రలోనే పడుతుంది. నెదర్లాండ్స్‌లో 55 దాటినవాళ్లతో ఆరు వారాలు పడుకునే ముందు ఇలా సాగదీయిస్తే తగ్గింది. మెగ్నీషియం మాత్రం పెద్దవాళ్లలో పెద్దగా పని చేయలేదనే పరీక్షల్లో తేలింది. రక్తంలో నిజంగా తగ్గి ఉంటే కథ వేరు.

మెట్‌పల్లి అక్క
నాకు మా డాక్టర్ మెగ్నీషియం కూడా రాశారు, బానే ఉంది మరి.

జగిత్యాల పోరడు
నిన్న సాయంత్రమే చూపించాం. సోడియం 129, పొటాషియం 3.4, క్రియాటినిన్ 0.8. సోడియం 135 ఉండాలట. హెచ్ తీసేసి వేరే మాత్ర రాశారు, దాహం వేసినంతే నీళ్లు తాగమన్నారు. మూడు రోజులకి మళ్లీ పరీక్ష. రాత్రి పట్టేసినప్పుడు ఏం చేయాలో కాంపౌండర్ చూపించారు. కాలు చాచి, వేళ్లు పట్టి మోకాలి వైపు లాగితే నిమిషంలోపే వదిలింది. ఇన్నాళ్లూ మేము పిక్కని పిసుకుతూ కూర్చున్నాం.

జగిత్యాల పోరడు
మళ్లీ చేయిస్తే సోడియం 136. తలనొప్పి పోయింది. పిక్కలు పట్టడం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, ఆర్డర్ ఎక్కువున్న రోజు రాత్రి వస్తూనే ఉంది. గోడ దగ్గర సాగదీయమంటే మోకాళ్ల నొప్పి అని నిలబడదు. కూర్చుని చేసేది ఏమైనా ఉందా?

కొత్తవాడ నేత
మంచం మీద కాళ్లు చాచి, పాదం కింద తువ్వాలు వేసి రెండు కొసలు పట్టుకుని తనవైపు లాగమను. మా అత్త అలాగే చేస్తుంది. గంటకోసారి చాట దించి లేవమంటే మాత్రం వినదు, మీ అమ్మ వింటే చెప్పు.