స్లిప్ టెస్ట్ నాడు బడికి రాని పిల్లలకు సున్నా వేయాల్నా?

చండూరు దిక్కు సోషల్ టీచర్: మా హైస్కూల్ల మూల్యాంకనం మీద బడి మొత్తానికి ఒక్కటే పాలసీ రాస్తున్నం. పత్తి ఏరుడుకు పోయి ఎఫ్‌ఏ-2 స్లిప్ టెస్ట్ రాయని తొమ్మిదో తరగతి పిల్లలకు సున్నా వేయాల్నా, మిగతా ఎఫ్‌ఏల సగటు వేయాల్నా? స్టాఫంత రెండు దిక్కులైంది.

లెక్కల సార్, మిర్యాలగూడ: సగటే వేయండి మేడమ్. పిల్ల ఎఫ్‌ఏ-1ల 16, ఎఫ్‌ఏ-3ల 15, ఎఫ్‌ఏ-4ల 17 తెచ్చుకుందనుకోండి, సున్నా కలిపితే నాలుగింటి సగటు 12కు పడిపోతది, రాసిన మూడింటిదే తీస్తే 16. పత్తికి పోయిన పాపానికి నాలుగు మార్కులు పోవుడేంది?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, నల్లగొండ: సార్ చెప్పింది సగం కరెక్టే, సున్నా తప్పు. కానీ అసలు ఆ పిల్లకు ఎఫ్‌ఏ-2ల సున్నా ఎందుకు వస్తది? ఎఫ్‌ఏ 20 మార్కులల్ల స్లిప్ టెస్ట్‌ది 5 మార్కులే, మిగతా 15 క్లాస్‌ల పాల్గొన్నదానికి, నోట్‌బుక్‌కు, ప్రాజెక్టుకు. ఆ పిల్ల అవి చేసే ఉంటది గదా, పత్తికి పోయే ముందు 3, 4, 4 వచ్చినయనుకోండి, 11 చేతిలనే ఉన్నయి. స్లిప్ టెస్ట్ ఒక్కటే సున్నా అయినా సగటు 14.75. తిరిగొచ్చినంక మళ్ల పెట్టి 3 వస్తే 15.5. సగటు పద్ధతితోని వచ్చే 16కు దగ్గర్నే ఉంది, కానీ ఇది పిల్ల రాసి తెచ్చుకున్న మార్కు, మనం ఊహించి వేసింది కాదు.

సగటు వేస్తమని పాలసీల రాస్తే ఇంకో చిక్కుంది, ఏ చాప్టర్ రాదో ఆ పరీక్ష నాడే కడుపునొప్పి అని ఇంట్ల ఉండే పిల్లలు తయారైతరు, నేను చూసిన. అందుకే మళ్ల పరీక్ష పెట్టాలె, కానీ అదే పేపర్ ఇయ్యొద్దు, రాసినోళ్లు ప్రశ్నలు చెప్పేస్తరు. అదే విద్యాప్రమాణం, వేరే ప్రశ్న. మళ్ల పరీక్షకు గడువు పిల్ల బడికొచ్చిన నాటి నుంచి లెక్కపెట్టాలె, పరీక్ష నాటి నుంచి కాదు.

దేవరకొండ దగ్గరి తండా తల్లి: సారూ మా పోరనికి జరమొచ్చి పన్నెండు రోజులు పోలే, బళ్లె సర్టిఫికెట్ తెమ్మన్నరు, మా దగ్గర ఆర్‌ఎంపీ సూదేస్తడు గాని సర్టిఫికెట్ యాడ ఇస్తడు, మార్కులు పోయినయి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనియ్యరా?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, నల్లగొండ: అమ్మా, మీరడిగింది హాజరు సంగతి, ఇక్కడ నడుస్తున్నది మార్కుల సంగతి. కానీ సర్టిఫికెట్ మాట మంచిగ ఎత్తిన్రు. టీచర్ మేడమ్, డాక్టర్ కాయితం ఉంటేనే మళ్ల పరీక్ష అని పాలసీల రాయకండి, అట్ల రాస్తే టౌన్ పిల్లలకే న్యాయం అయితది. తల్లో తండ్రో వచ్చి చెప్తే సంతకమో వేలిముద్రో తీస్కోండి, రాలేకపోతే క్లాస్ టీచరే ఫోన్ చేసి, ఎవరితోని ఏ తారీఖు మాట్లాడిన్రో రిజిస్టర్ల రాయాలె.

చండూరు దిక్కు సోషల్ టీచర్: రిజిస్టర్ల ఏం రాయాలె సార్? మా దగ్గర కొందరు ఖాళీగ ఇడుస్తరు, కొందరు సున్నా పెట్టి తర్వాత దాన్నే దిద్ది 3 చేస్తరు.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, నల్లగొండ: ఖాళీ వద్దు, సున్నా వద్దు, ఏబీ అని ఎర్రసిరాతోని రాయండి. సున్నా అంటే రాసి ఏమీ రాలే అని, ఏబీ అంటే రాయనే లే అని, రెండూ ఒక్కటి కాదు. మళ్ల పరీక్ష అయినంక ఏబీని కొట్టేయకుండ పక్కన మార్కు, తారీఖు, చిన్న సంతకం, జవాబు కాయితం ఆ పిల్ల ఫైల్ల. ఇంకోటి, హెచ్‌ఎంలు తప్పకుంట చేయాల్సిన పని, స్లిప్ టెస్ట్ తారీఖు పట్టుకొని హాజరు రిజిస్టర్ పక్కన పెట్టి చూడాలె. ఆ నాడు గైర్హాజరున్న పిల్లకు మార్కు పడ్డదంటే అది కూర్చుండి నింపిన మార్కు. నేను హెచ్‌ఎంగ ఉన్నప్పుడు ఒక్క తరగతిలనే ఏడుగురి పేర్లు దొరికినయి, ఆ సబ్జెక్టుకు మళ్ల పరీక్ష పెట్టించిన.

లెక్కల సార్, మిర్యాలగూడ: ఒప్పుకుంటున్న సార్, ఎఫ్‌ఏ మొత్తాన్ని ఒక్క పరీక్ష లెక్క చూసిన నేను. కానీ నాకు ఆరు సెక్షన్లు, మళ్ల పరీక్షలు ఎప్పుడు పెట్టాలె?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, నల్లగొండ: శనివారం ఆఖరి పీరియడ్, అన్ని సబ్జెక్టులోళ్లకు ఒక్క రూంలనే, ఒక్కరే చూస్కుంటరు. అయిదు మార్కుల పేపరే గదా, పావుగంట పని.

నారాయణపేట దిక్కు టీచర్: పది రోజులు పత్తికి పోయినోళ్లకు ఇదంత నడుస్తది సార్. మా దిక్కు అమ్మానాయినలతోని బొంబాయి, పూణె పనులకు పోయిన పిల్లలు దసరా తర్వాత పోయి ఉగాదికి వస్తరు. వాళ్లకు పాల్గొన్నది లే, నోట్‌బుక్ లే, ప్రాజెక్టు లే, స్లిప్ టెస్ట్ ఒక్కటి పెట్టి ఏం లాభం? సీజనల్ హాస్టల్ల ఉన్న పిల్లలకు ఈ బాధ లేదు, ఊర్లెనే ఉంటరు గనుక. పోయినోళ్లకు రెండు ఎఫ్‌ఏలు ఏకంగ లేవు.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్, నల్లగొండ: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు మేడమ్. తిరిగొచ్చినంక నెల రోజుల నోట్‌బుక్, చిన్న ప్రాజెక్టు చూసి వేయొచ్చంట నేను, కానీ పాల్గొన్నదానికి లేని మార్కు ఎట్ల వేస్తం?

లెక్కల సార్, మిర్యాలగూడ: వాళ్లకు మాత్రం సగటే కరెక్టు అని నేను ఇంకా అంటున్న.

చండూరు దిక్కు సోషల్ టీచర్: ఏబీ, ఫోన్ చేసింది రాసే గడి, శనివారం పీరియడ్, ఈ మూడూ రేపటి డ్రాఫ్టుల పెడుత. వలస పిల్లల పేరా ఖాళీగ ఉంచి తల్లిదండ్రుల మీటింగ్ల అడుగుత.