బీఎల్‌డీసీ ఫ్యాన్ ఏడాదికి ఎన్ని యూనిట్లు మిగులుస్తుంది?

నీలిమేఘం: మా పడకగదిలో మామూలు ఫ్యాన్ ఉంది. దాని స్థానంలో ఎలక్ట్రానిక్ బోర్డు సాయంతో తక్కువ కరెంటుకే తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే ఏడాదికి దాదాపు 200 యూనిట్లు మిగులుతాయని దుకాణంలో చెప్పారు. ఆ లెక్కను నమ్మవచ్చా?

రాగితీగ: మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు తీసుకుంటాయనీ, రెండూ ఏడాది పొడవునా రోజుకు 12 గంటలు పూర్తి వేగంతో తిరుగుతాయనీ అనుకుంటే 197 యూనిట్లు వస్తాయి. గుణకారం తప్పు కాదు గానీ, పడకగది ఫ్యాన్ అలా తిరగదు. వేసవి నాలుగు నెలలు రోజుకు 14 గంటలు పూర్తి వేగం, తరువాతి నాలుగు నెలలు రాత్రి 9 గంటలు మధ్య వేగం, మిగిలిన కాలమంతా ఆపి ఉంచడం అనుకోండి. అప్పుడు మిగిలేవి సుమారు 110 యూనిట్లు. రిమోట్ కోసం ఎప్పుడూ మేలుకొని ఉండే బోర్డు అందులో నాలుగైదు తినేస్తుంది. గోడ స్విచ్ ఆపే అలవాటుంటే అదీ ఉండదు.

పాతపంకా: ఆ 30 వాట్లనే నేను ఒప్పుకోను. మా ఇంటి బీఎల్‌డీసీ ఫ్యాన్ తీగకు క్లాంప్ మీటర్ తగిలిస్తే 0.22 ఆంపియర్లు చూపింది. 230 వోల్టులతో గుణిస్తే 50 వాట్లు దాటుతుంది. మిగులు సగానికి పడిపోయినట్లే కదా.

రాగితీగ: పాతపంకా గారూ, మీ రీడింగు సరైనదే, కానీ అది వాట్లు కాదు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చినదానిలో అసలు వాడకం ఎంత వంతో చెప్పేది పవర్ ఫ్యాక్టర్. ఇలాంటి బోర్డులు చాలా వాటికి అది 0.6 దగ్గర ఉంటుంది కనుక అసలు వాడకం 30 వాట్లే. ఇంటి మీటరు యూనిట్లుగా లెక్కించేది ఈ అసలు వాడకాన్నే. ఇంట్లో అన్నీ ఆపి ఆ ఒక్క ఫ్యానే ఉంచి, మీటరు మీది ఎర్రదీపాన్ని గమనించండి. మీటరుపై 3200 imp/kWh అని ఉంటే, అంటే యూనిట్‌కు 3200 సార్లు వెలిగేదైతే, 75 వాట్ల ఫ్యానుకు 15 సెకన్లకోసారి, 30 వాట్ల ఫ్యానుకు 37 సెకన్లకోసారి వెలుగుతుంది.

చిరుగాలి: ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఏది ఎక్కువసేపు తిరుగుతుందో కూడా ఎవరైనా చెప్పండి.

పాతపంకా: సరే, 30 అనే అనుకుందాం. రెగ్యులేటర్ తగ్గించి వాడేవారికి మామూలు ఫ్యాన్ కూడా తక్కువే తీసుకుంటుంది కదా. ఇక తేడా ఎక్కడిది?

రాగితీగ: తగ్గుతుంది, కానీ గాలి తగ్గినంతగా తగ్గదు. రెగ్యులేటర్ వోల్టేజీని తగ్గించినప్పుడు మామూలు మోటారు వెనకబడి తిరుగుతూ, తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. తక్కువ వేగంతో రాత్రంతా తిరిగిన ఫ్యాన్ మధ్య డబ్బాను ఉదయం ముట్టుకుంటే తెలుస్తుంది. అందుకే మధ్య వేగంలో మామూలుది 45 వాట్ల దగ్గర ఆగిపోతే, బీఎల్‌డీసీ 12కు దిగుతుంది. నేను పైన వేసిన లెక్కలో మధ్య వేగానికి తీసుకున్నది ఈ 33 వాట్ల తేడానే.

పాతపంకా: మీరు వాట్లు తప్ప వేరే మాట మాట్లాడటం లేదు! గ్యారంటీ ముగిసిన కొద్ది నెలలకే మా ఫ్యాన్ బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు కోసం వారాల తరబడి తిరిగాను, దానికి చెల్లించిన సొమ్ము నాకు అప్పటిదాకా మిగిలినదాన్ని మింగేసింది. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటి మారిస్తే సరిపోయేది. ఈ నష్టం మీ లెక్కలో ఏ వరుసలో ఉంది?

రాగితీగ: నా లెక్కలో అది లేదు, ఉండవలసిందే. అయితే ఒక్క సంగతి చెప్పండి, గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీయించారా?

పాతపంకా: తీయించలేదు. ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉంచాం.

రాగితీగ: ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న లైను మీద ఈ బోర్డును ఉంచకూడదు, తీగను నేరుగా కలపాలి. మీ బోర్డు దానివల్లే పోయిందా, వోల్టేజీ ఎగిసిపడటం వల్ల పోయిందా అన్నది ఇక్కడినుంచి చెప్పలేను.

నీలిమేఘం: మీ ఇద్దరి వాదన చదివాక నేను ముందే చెప్పవలసిన మాట గుర్తొచ్చింది. మా పడకగది ఫ్యాన్ ఇంకా బాగానే తిరుగుతోంది. వైండింగ్ కాలి ఆగిపోయినది హాలులోది.

రాగితీగ: అయితే ఇవి రెండు వేర్వేరు లెక్కలు. హాలులో ఎలాగూ కొత్తది కొనాలి కనుక, రెండు రకాల ధరల మధ్య తేడాను మాత్రమే మిగిలే యూనిట్ల విలువతో భాగించండి. పడకగదిలో బాగున్నదాన్ని తీసేస్తున్నారు కనుక, కొత్త ఫ్యాన్ పూర్తి ధరను భాగించాలి. ఆ 110 యూనిట్లతో దాని సొమ్ము తిరిగి రావడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. హాలులో పెట్టండి, పడకగదిది ఆగిపోయేవరకు కదపకండి.

పాతపంకా: హాలుకైనా సరే, బోర్డు ధరను ముందే ఒకసారి కలిపి లెక్క వేయాలన్నది నా పట్టు. విడి బోర్డు ఊళ్లో దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి నీలిమేఘం గారూ.