ఇద్దరు సంతకం పెట్టాక కూడా 10 రెట్ల డోసు ఎలా దాటిపోయింది?

స్వర్ణ: నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. 4 కిలోల పాపకి డిగాక్సిన్ సిరప్ 0.2 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు అని రాశారు. సీసా మీద 1 మి.లీ.కి 50 మైక్రోగ్రాములు అని ఉంది. ఒక సిస్టర్ 4 మి.లీ. అని లెక్క కట్టారు, ఇంకొకరు చూసి సరేనన్నారు, ఇద్దరూ సంతకం పెట్టారు. పాపకి మందు ఇంకా పట్టించలేదు కానీ, సిరప్ అయిపోతోందని ఫార్మసీకి పంపితే అక్కడ ఆపేశారు. నిజానికి ఇవ్వాల్సింది 0.4 మి.లీ. అట. డబుల్ చెక్ చేసినా ఇది ఎందుకు దొరకలేదు?

కిరణ్: ఇది చుక్క సమస్యే అండి. .2 అని రాస్తే చుక్క కనపడక 2 అవుతుంది, 2.0 అని రాస్తే 20 అవుతుంది. చుక్క ముందు సున్నా తప్పనిసరిగా పెట్టి, పూర్ణసంఖ్య తర్వాత సున్నా మానేస్తే ఈ గొడవే ఉండదు.

డా. మాధవి: కిరణ్ గారు చెప్పిన నియమం పాటించాల్సిందే. కానీ ఇక్కడ 0.2 అని శుభ్రంగానే రాశారు, అందరూ సరిగ్గానే చదివారు. తప్పు అంతకుముందే జరిగింది. ఈ పాపకి పూటకి కిలోకి 5 మైక్రోగ్రాములు అనుకుంటే, 4 కిలోలకి 20 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాముల్లోకి మారిస్తే అది 0.02. మార్చేటప్పుడు ఒక సున్నా జారిపోయింది.

ఇప్పుడు ఆ సిస్టర్లు ఏం చెక్ చేశారో చూడండి. 0.2 మిల్లీగ్రాములంటే 200 మైక్రోగ్రాములు, దాన్ని 50తో భాగిస్తే 4 మి.లీ. లెక్క తప్పు కాదు! రాసిన డోసుకి ఎంత సిరప్ కావాలో మాత్రమే చూశారు. రాసిన డోసే సరైనదా అని ఎవరూ బరువు దగ్గర నుంచి మొదలుపెట్టలేదు.

పెద్దవాళ్లకైతే 10 రెట్లు అన్నప్పుడు చేతిలో 10 మాత్రలు కనిపిస్తాయి, ఎవరైనా ఆగుతారు. పసిపిల్లకి 4 మి.లీ. సిరప్ కంటికి మామూలుగానే ఉంటుంది. కానీ అది దాదాపు పెద్దవాళ్లు రోజుకొకటి వేసుకునే 0.25 మిల్లీగ్రాముల మాత్రకి సమానం. నన్ను భయపెట్టేది ఇదే.

శ్రీధర్: మా బాబు జ్వరం మందుకి డ్రాప్స్, సిరప్ రెండూ ఉన్నాయి. ఒకే మందు కదా, ఒకే కొలతలో పోయొచ్చా?

డా. మాధవి: వద్దు శ్రీధర్ గారూ, డ్రాప్స్ సాధారణంగా చాలా గాఢంగా ఉంటాయి. రెండు సీసాల మీద 1 మి.లీ.కి ఎంతో చూసి, బాబు బరువు చెప్పి మీ డాక్టర్‌నే అడగండి. ఇక్కడి ప్రశ్న వేరు.

రహీం (ఫార్మసిస్టు): డబుల్ చెక్ అనగానే మొదటివాళ్లు "4 మి.లీ. వచ్చింది, చూడు" అంటారు. ఆ మాట చెవిన పడ్డాక రెండోవాళ్ల మనసు 4 వైపే నడుస్తుంది. అందుకే రెండోవాళ్లకి జవాబు చెప్పకూడదు, లెక్క వేసిన కాగితం చూపించకూడదు. కేస్ షీటు, ఈ రోజు బరువు, సీసా మాత్రమే ఇవ్వాలి. వాళ్లు వార్డులో ఉన్న డోసుల పుస్తకంలో కిలోకి ఎంతో చూసి, విడిగా లెక్కవేసి, చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. ఈ పాప విషయంలో ఒక కాగితం మీద 0.4, ఇంకోదాని మీద 4 వచ్చేవి. అప్పుడు సీనియర్ మాట నెగ్గకూడదు. మందు పక్కన పెట్టి, రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

డాక్టర్లకి ఒక మనవి. "20 మైక్రోగ్రాములు, కిలోకి 5 చొప్పున" అని రెండూ రాయండి. అప్పుడు మాకు సరిచూడటానికి ఆధారం ఉంటుంది, చుక్క పెట్టే పనీ ఉండదు.

కిరణ్: బార్‌కోడ్ స్కాన్ ఉంటే ఇదంతా అక్కర్లేదేమో?

రహీం: సరైన మందు, సరైన పేషెంటు అని అది చెబుతుంది. రాసిన డోసులోనే తప్పుంటే పచ్చలైటే వెలుగుతుంది.

స్వర్ణ: ప్రతి మందుకీ ఇలా చేస్తే మా షిఫ్ట్ సరిపోదు సార్.

డా. మాధవి: ప్రతిదానికీ పెడితే మళ్లీ చూడకుండా సంతకాలే మిగులుతాయి. డిగాక్సిన్, ఇన్సులిన్, హెపారిన్, మార్ఫిన్, కీమో మందుల్లాంటి వాటికి ఉంచండి. ఒక లోపం మాత్రం దీనితో పోదు. కేస్ షీటులో బరువే తప్పు పడితే ఇద్దరూ కలిసి అదే తప్పు చేస్తారు.

స్వర్ణ: రాత్రి డ్యూటీలో నేనొక్కదాన్నే ఉంటాను. అప్పుడు రెండో మనిషి ఎవరు?

రహీం: ఫార్మసీకి ఫోన్ చేయండమ్మా. బరువు, మందు పేరు, సీసా మీది అక్షరాలు యథాతథంగా చదవండి. మీకొచ్చిన జవాబు మాత్రం ముందు చెప్పకండి.

స్వర్ణ: మా ఫార్మసీ రాత్రి పదింటికే మూసేస్తారు సార్. పక్క వార్డు సిస్టర్‌ని పిలవొచ్చా? ఆవిడ పిల్లల డోసులు ఎప్పుడూ చూడలేదు.

డా. మాధవి: పిలవండి, పుస్తకం ఎదురుగా పెట్టండి. పిల్లల వార్డు అలవాటు లేనివాళ్ల చెక్ ఎంతవరకు పనికొస్తుందో నాకూ సందేహమే. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.